లైనింగ్ జాకెట్టు కూలి 250 నుంచి 280 చేయడానికి మా నాన్నకు పది నెలలు పట్టింది. ఎందుకు?

కత్తెర_ఇల్లు (చర్చ మొదలుపెట్టినవారు)

మాది తెనాలి. నాన్న ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నారు. కటింగ్ అంతా ఆయనే చేస్తారు. జాకెట్లు కుట్టడానికి ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు, వాళ్ళకు పీసు లెక్కన కూలి. నేను డిగ్రీ అయ్యాక లెక్కలు చూసుకుంటున్నాను. నన్ను రెండేళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

2022 మొదట్లో లైనింగ్ జాకెట్టుకు 250 తీసుకునేవాళ్ళం. అందులో పనివాడికి 110, లైనింగ్ గుడ్డకు 60, దారం, హుక్కులు వగైరాకు 10, అద్దె, కరెంటు కలిపి జాకెట్టుకు 25 పడేది. నాన్న చేతిలో 45 మిగిలేది. ఆ మార్చిలో లైనింగ్ గుడ్డ 75 అయింది, దారం, హుక్కులు 13 అయ్యాయి, అద్దె పెరిగి జాకెట్టుకు 30 పడింది. మిగిలేది 45 నుంచి 22కి పడిపోయింది. నెలకు సుమారు 240 జాకెట్లు కుడతాం కాబట్టి నెలకు ఐదున్నర వేలు పోయినట్టే.

నేను ఈ లెక్క కాగితం మీద వేసి ఉగాదికే చూపించాను. నాన్న చూశారు, తల ఊపారు, కాగితం మడిచి కౌంటర్ సొరుగులో పెట్టుకున్నారు. రేటు మాత్రం 2023 జనవరిలో 280 చేశారు. ఆ పది నెలల్లో పోయింది 55 వేల పైమాటే.

ఆయనకు లెక్క రాక కాదు. ఒక గజం గుడ్డలో రెండంగుళాలు వృథా అయితే రాత్రి నిద్రపోని మనిషి. మరి ఇంత తెలిసిన మనిషి రేటు దగ్గర ఎందుకు ఆగిపోయారు? ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి వచ్చింది. ఆషాఢం వెళ్ళి శ్రావణం వస్తోంది, 320 చేయమని నేను, ఇప్పుడే వద్దని ఆయన.

లెక్కల_మాస్టారు

ఇందులో పెద్ద రహస్యం లేదండీ. రేటు మార్చడానికే కొంత ఖర్చవుతుంది. బోర్డు మార్చాలి, బిల్లు పుస్తకాలు కొత్తవి వేయించాలి, వచ్చిన ప్రతివారికీ చెప్పుకోవాలి. హోటలువాళ్ళు ధరల పట్టిక మళ్ళీ అచ్చు వేయించాల్సి వస్తుందని ఇడ్లీ ధర వెంటనే మార్చరు. మీ నాన్నగారిదీ అదే సంగతి. ఆ ఖర్చు కంటే లాభం ఎక్కువైనప్పుడు మారుస్తారు. అయితే నెలకు ఐదున్నర వేలు పోతుంటే పది నెలలు ఆగడం మాత్రం తెలివితక్కువ పని అనక తప్పదు. ఒక ఫ్లెక్సీ బోర్డుకు ఎంతవుతుంది?

కత్తెర_ఇల్లు

మాస్టారూ, మా కొట్లో రేట్ల బోర్డే లేదు. బిల్లు పుస్తకంలో ధర అచ్చు వేసి ఉండదు, నాన్న బాల్‌పెన్నుతో రాస్తారు. మార్చడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అందుకే నాకు అంతుపట్టడం లేదు.

సుధ_బుటిక్

నాది హైదరాబాదులో చిన్న బుటిక్. నాకు ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. మగ్గం పని జాకెట్టుకు ఎవరికి ఎంత చెప్పాలో డిజైను చూసి చెబుతాను. ఈ నెల 3,500 చెప్పింది వచ్చే నెల 4,200 అవుతుంది, ఎవరూ అడగరు. ఎందుకంటే ఏ రెండు జాకెట్లూ ఒకటి కావు, పోల్చుకోవడానికి వీలు లేదు. మీ నాన్నగారు కూడా ప్యాటర్నులు, పైపింగులు పెట్టి వేరు రకంగా మార్చుకుంటే సరిపోతుంది.

పద్మజ_వి

నేను కుట్టించుకునే వైపు నుంచి మాట్లాడతాను. మా టైలరు దగ్గరకు పద్దెనిమిదేళ్ళుగా వెళ్తున్నాను. ఆది జాకెట్టు ఇవ్వక్కర లేదు, నా కొలతలు ఆయన పుస్తకంలో ఉంటాయి. ఒకసారి చంక దగ్గర పట్టేస్తోందంటే మాట్లాడకుండా విప్పి మళ్ళీ కుట్టిచ్చారు. ఆయన రేటు పెంచితే నేను మానేస్తానా అంటే మానను. కానీ ముందు చెప్పకుండా పెంచితే మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. ముప్పై రూపాయలు నాకు లెక్క కాదు. "నన్ను కొత్తదానిలా చూశారు" అనిపిస్తుంది. ఎందుకని అడిగితే చెప్పలేను.

వంశధార_తీరం

పద్మజగారు చెప్పలేనన్నదే ఈ చర్చకు కీలకం. శ్రీకాకుళంలో డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. కత్తెర_ఇల్లు గారూ, మీ ప్రశ్నకు సమాధానం చెప్పేముందు రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ లైనింగ్ గుడ్డ పెరిగిన ఆ 2022లోనే పత్తి ధర ఏం చేసిందో గుర్తు చేసుకోండి. దాని ధర క్యాండీ లెక్కన చెబుతారు, క్యాండీ అంటే 356 కిలోల దూది. ఆ వేసవిలో అది లక్ష రూపాయలు దాటింది. ఏడాది చివరికి బాగా దిగింది. ఆ మధ్యలో రోజుకో ధర. అక్కడ కొనేవాడికి అమ్మేవాడి ముఖంతో పని లేదు, ఈ రోజు ఎవరు తక్కువకిస్తే వారి దగ్గర కొంటాడు. ఆ దూదితోనే తయారైన గుడ్డను కుట్టే మీ నాన్నగారి కూలి మాత్రం ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కదులుతుంది. మొదటిది వేలం పాట లాంటి బజారు. రెండోది వాడుక పెట్టుకున్న బజారు. అమెరికా అర్థశాస్త్రవేత్త ఆర్థర్ ఓకన్ ఈ తేడాను బాగా పట్టుకున్నారు. రెండోరకం బజారులో కంటికి కనిపించని ఒప్పందం ఒకటి ఉంటుంది. "నేను వేరే కొట్టు వెతకను, నువ్వు నా అవసరం చూసి ధర పెంచకు" అన్నదే ఆ ఒప్పందం. కాగితం ఉండదు, సంతకం ఉండదు. దాన్ని మీరితే మాత్రం ఇద్దరికీ తెలుస్తుంది.

సుధగారి బుటిక్‌లో ధర సులువుగా కదలడానికి కారణం ఆమే చెప్పారు. అక్కడ పోల్చుకునే పాత ధర లేదు. మీ నాన్నగారి ధర బోర్డు మీద లేదన్న మాట నిజమే. అది వాడుకదారుల జ్ఞాపకంలో ఉంది.

కత్తెర_ఇల్లు

"పోయినసారి రెండొందల యాభయ్యే కదా" అన్న మాట కౌంటర్ దగ్గర కూర్చుని వందసార్లు విన్నాను. ఒకటి కళ్ళారా చూసింది చెబుతాను.

2022 ఆగస్టులో, వరలక్ష్మీవ్రతానికి వారం ముందు, మా వీధి చివర ఉండే పెద్దావిడ నాలుగు జాకెట్లు తెచ్చారు. నాన్న చీటీ రాస్తున్నారు. గుడ్డ చివర చిన్న ముక్క కత్తిరించి చీటీకి గుండుసూదితో గుచ్చారు. అంకె దగ్గరకు వచ్చేసరికి 280 అని రాశారు, నేను చూశాను. ఆవిడ సంచిలోంచి చిల్లర తీస్తూ "కోడలికి ఆరో నెల, కాస్త వదులుగా పెట్టు నాయనా" అన్నారు. నాన్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. 280 కొట్టేసి పక్కన 250 రాశారు. ఆ చీటీ నకలు ఇంకా పుస్తకంలో ఉంది. కార్బన్ పేపరు కింద రెండు అంకెలూ పడ్డాయి.

ఆ తరువాత కొత్తగా వచ్చేవాళ్ళకు 280, పాతవాళ్ళకు 250 చేశారు. అది మూడు నెలలే నడిచింది. ఒక గృహప్రవేశంలో పాత ఆవిడ, కొత్త ఆవిడ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నారట. కొత్త ఆవిడ మర్నాడు కొట్టుకు వచ్చి పెద్ద గొడవ చేసి తన జాకెట్టు గుడ్డలు తిరిగి తీసుకుపోయింది. ఆ గొడవ తరువాతే జనవరిలో అందరికీ 280 చేశారు.

లెక్కల_మాస్టారు

నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను, బోర్డు ఖర్చు కాదన్నమాట. కానీ లెక్క మాత్రం వదలను. ఎంతమంది మానేస్తే నష్టమో చూద్దాం. అద్దె ఎన్ని జాకెట్లు కుట్టినా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడితే, 250 దగ్గర జాకెట్టుకు మిగిలేది 52. నెలకు 240 జాకెట్లకు 12,480. అదే 280 దగ్గర జాకెట్టుకు 82 మిగులుతుంది. ఆ 12,480 రావడానికి 153 జాకెట్లు చాలు. అంటే మీ నాన్నగారు 87 జాకెట్లు పోగొట్టుకున్నా ఆయనకు ఏమీ తగ్గదు. మూడోవంతు పైగా గిరాకీ పోయినా పరవాలేదన్నమాట! ముప్పై రూపాయలకు మూడోవంతు జనం పారిపోతారా? భయపడటంలో అర్థం లేదు.

వంశధార_తీరం

మాస్టారు అద్దెను పక్కన పెట్టడం సరైన పని, చాలామంది అక్కడే తప్పుతారు. కానీ ఆ లెక్కలో ఇద్దరు మనుషులు కనబడటం లేదు. పనివాళ్ళు.

240 జాకెట్లు ఉన్నప్పుడు పీసుకు 110 చొప్పున ఇద్దరికీ కలిపి 26,400, ఒక్కొక్కరికి 13,200. అవి 153కు పడితే ఒక్కొక్కరికి 8,415. యజమానికి నష్టం లేని చోటే పనివాడి ఇల్లు గడవదు. అతడు పక్క కొట్టుకు పోతాడు. అతడు పోయాక, చేతికి అలవాటైన కుట్టు పోయాక, మిగిలిన 153 జాకెట్లు మాత్రం ఉంటాయా? చిన్న కొట్టులో ధర పెంచడమంటే యజమాని తన లాభంతో ఆడే పందెం ఒక్కటే కాదు, పనివాడి పని రోజులతో ఆడే పందెం కూడా.

ఇంకొకటి. పోయేది ఒక జాకెట్టు కాదు. ఆ పెద్దావిడ పోతే ఆవిడ కోడలు, కూతుళ్ళు, రేపు ఇంట్లో పెళ్ళికి ఒకేసారి వచ్చే పదిహేను జాకెట్లు, అన్నీ పోతాయి. నాన్నగారి మనసులో ఉన్న లెక్క నెలది కాదు, పదేళ్ళది.

కొత్త_సభ్యుడు_21

ప్రభుత్వం కుట్టుకూలికి గరిష్ఠ ధర పెట్టిందా? మా ఊళ్ళో పెట్టినట్టు వినలేదు. పెడితే మంచిదే, పండగ ముందు ఇష్టమొచ్చినట్టు అడుగుతున్నారు.

వంశధార_తీరం

అటువంటిది ఏమీ లేదండీ. ఇక్కడ ధరను ఎవరూ కట్టిపడేయకపోయినా అది ఎందుకు కదలడం లేదన్నదే చర్చ.

మేస్త్రి_రమణ

ఖమ్మం నుంచి రాస్తున్నాను. తాపీ పని. మీ జాకెట్టు సంగతి నాకు తెలియదు కానీ కూలి సంగతి తెలుసు. మా అడ్డా మీద మేస్త్రికి రోజుకు 900 అంటే 900. సీజనులో మనుషులు దొరకనప్పుడు 950, వెయ్యి వరకు పోతుంది. ఒకసారి పెరిగాక మళ్ళీ పని లేని వానాకాలంలో కూడా వెనక్కి రాదు. నలుగురం ఉంటే ఇద్దరికే పని దొరుకుతుంది, ఆ ఇద్దరికీ పాత కూలే. మిగతా ఇద్దరం టీ తాగి ఇంటికి పోతాం. తక్కువకు వస్తానని ఎవరూ అనరు. అంటే మిగతావాళ్ళు ఊరుకోరు.

వంశధార_తీరం

రమణగారూ, మీ అడ్డా మీద మీరు చూసిందే మన దేశం పల్లెల్లోనూ నడుస్తోంది. సుప్రీత్ కౌర్ అనే అర్థశాస్త్రవేత్త మన జిల్లాల వ్యవసాయ కూలి రేట్లను 1956 నుంచి 2009 వరకు వర్షాలతో పోల్చి చూశారు. వానలు బాగా పడి పని పెరిగిన ఏడాది కూలి పెరిగింది. మరుసటి ఏడాది పని తగ్గినా కూలి తగ్గలేదు, పని దొరికే రోజులు తగ్గాయి. ఇంకొకటి కూడా తేలింది. సరుకుల ధరలు బాగా పెరుగుతున్న ఏళ్ళలో ఈ బిగుతు సడలింది. అంకె తగ్గకుండానే కూలి విలువ దానంతట అదే తగ్గుతుంది కదా, ఎవరూ ఎవరి ముఖం మీదా "తగ్గిస్తున్నాను" అనక్కర లేదు.

ఇదే సంగతి కెనడాలో ఫోను మీద జనాన్ని అడిగి చూశారు, ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. ధరలు పెరగని కాలంలో ఒక సంస్థ జీతం ఏడు శాతం తగ్గిస్తే, అడిగినవారిలో 62 శాతం మంది అన్యాయమన్నారు. ధరలు 12 శాతం పెరుగుతున్నప్పుడు అదే సంస్థ జీతం ఐదు శాతమే పెంచితే, 78 శాతం మంది పరవాలేదన్నారు. రెండు సందర్భాల్లోనూ పనివాడి సంచిలోకి వచ్చే సరుకు దాదాపు ఒకే మేరకు తగ్గుతుంది. మొదటిదాన్ని మనిషి అవమానంగా తీసుకున్నాడు.

మేస్త్రి_రమణ

మీరు చెప్పింది సగమే ఒప్పుకుంటాను. అంకె తగ్గదు, నిజం. కానీ పని లేనప్పుడు ఓనర్లు తొమ్మిదికి కాకుండా ఎనిమిదికి రమ్మంటారు, మధ్యాహ్నం టిఫిను ఆపేస్తారు, సాయంత్రం ఆరున్నరకు గాని వదలరు. 900 అలాగే ఉంటుంది. గంటకు లెక్క వేస్తే తగ్గినట్టే. దీన్ని మీ పుస్తకంలో ఎవరైనా రాశారా?

వంశధార_తీరం

మీ మాట గట్టిదే. రోజు కూలిని రికార్డు చేసేవాడు గంటలు, టిఫిను చూడకపోతే నిజం కంటే బిగుతు ఎక్కువగా కనిపిస్తుంది. ఎంత ఎక్కువ అనేది నేను తేల్చి చెప్పలేను.

పద్మజ_వి

ఇది జాకెట్లకూ వర్తిస్తుంది! మా టైలరు రేటు పెంచని ఏడాది ఏం జరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఇంతకుముందు చీరకు ఫాలు వేస్తే అంచు పీకో ఉచితంగా చేసేవారు, తరువాత దానికి విడిగా తీసుకున్నారు. లైనింగ్ గుడ్డ కాస్త పలచబడింది. లోపల కుట్టు దగ్గర వదిలే గుడ్డ ఒకటిన్నర అంగుళం ఉండేది, అంగుళం అయింది, తరువాత వదులు చేయించుకుందామంటే చోటు లేదు. ఐదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ ఐదు రూపాయలే, లోపల బిస్కట్లు తగ్గినట్టు.

కత్తెర_ఇల్లు

పద్మజగారూ, లోపలి గుడ్డ తగ్గించడం మాత్రం మా నాన్న చేయలేదు, ఆ విషయంలో ఒట్టేసి చెప్పగలను. కానీ హుక్కులు మార్చారు. ఇదివరకటి హుక్కులు తుప్పు పట్టేవి కావు. కొత్తవి నాలుగు ఉతుకులకే నల్లబడుతున్నాయి. ఆ హుక్కులు నేనే కొన్నాను, పీసుకు రూపాయిన్నర మిగులుతుందని. మూడు నెలల్లో ఏడుగురు వచ్చి చూపించారు. నాన్న ఏడు జాకెట్లకూ మళ్ళీ పాత రకం కుట్టించి ఇచ్చారు. దొంగచాటు పెంపు కంటే చెప్పి పెంచడమే నయమని నాకు అక్కడ తెలిసింది.

కూలి తగ్గించే విషయంలో కూడా ఒకటి గుర్తొచ్చింది. 2020లో లాక్‌డౌన్ ఎత్తేశాక పెళ్ళిళ్ళు లేవు, పని సగానికి పడిపోయింది. అప్పుడు మా దగ్గర ముగ్గురు పనివాళ్ళు, పీసుకు 100. అందులో ఒకతను తనంతట తానే "80 ఇవ్వండి చాలు, పని ఇవ్వండి" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. 100 చొప్పునే ఇద్దరికి పని పంచి, మూడో అతన్ని మాస్కులు కుట్టించే వేరే చోటికి పంపారు. నాకు అది అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ కొంత అనిపిస్తుంది. ముగ్గురికీ 80 ఇచ్చి ఉంటే అతను మా దగ్గరే ఉండేవాడు కదా.

అడిగితే నాన్న అన్నది ఇదీ: "ఎనభైకి కుట్టిన చెయ్యి కుట్టు దూరం పెడుతుందిరా. అంగుళానికి పన్నెండు పోగులు పడాల్సిన చోట తొమ్మిదే పడతాయి. నేను ప్రతి జాకెట్టూ విప్పి చూడలేను."

వంశధార_తీరం

పీసు రేటు తగ్గితే పనివాడు మిగతాది వేగంలో రాబట్టుకుంటాడు, నాన్నగారి భయం అదే. ట్రూమన్ బ్యూలీ అనే ఆయన 1990ల తొలినాటి మాంద్యంలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మూడు వందల మందికి పైగా యజమానులను, కార్మిక నాయకులను, ఉద్యోగాలు చూపించేవారిని కలిసి, జీతాలు ఎందుకు తగ్గించరని అడిగారు. ఎక్కువమంది చెప్పింది నాన్నగారి మాటే: తగ్గించవచ్చు, కానీ మనసు విరిగిన మనిషి పని పాడవుతుంది, దాన్ని కనిపెట్టలేం. పని నుంచి తీసేసినవాడి కోపం గేటు బయటికి పోతుంది, జీతం తగ్గినవాడి కోపం లోపలే ఉంటుంది.

కానీ మీకు అన్యాయంగా అనిపించడం కూడా తప్పు కాదు. ఆ మూడో అతని వైపు నుంచి చూస్తే, కదలని ఆ 100 వల్లే అతని పని పోయింది. ధరలూ కూలీ కదలకపోతే పని కదులుతుంది, ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ భారం అతను ఒక్కడే మోశాడు.

మీ మొదటి ప్రశ్నకు ఇంకో ముక్క మిగిలింది. మీ వీధిలో ఎన్ని కొట్లు ఉన్నాయి? వాళ్ళు ఎప్పుడు పెంచారు?

కత్తెర_ఇల్లు

మాతో కలిపి నాలుగు. ఇదే నాకు అన్నిటికన్నా వింతగా అనిపించిన సంగతి. జనవరిలో మేము 280 చేసిన మూడు వారాలకు మూల మీది కొట్టు ఆయన 290 చేశారు. ఉగాదికి ముందు మూడో కొట్టు 280. నాలుగో ఆవిడ ఇంట్లోనే కుడతారు, ఆవిడ ఇంకా 240లోనే ఉన్నారు. ఆ తరువాత దారాల కొట్టు దగ్గర మూల మీది ఆయన నాన్నతో "నువ్వెప్పుడు పెంచుతావా అని సంక్రాంతి నుంచి సంక్రాంతికి చూశానయ్యా" అన్నారు. నాన్న కూడా ఆయన కోసమే చూస్తున్నారు!

మొదటి నెలలో 240కి బదులు 215 జాకెట్లు వచ్చాయి. ఉగాది నాటికి మళ్ళీ 235. మాస్టారి 87 దరిదాపుల్లోకి కూడా పోలేదు.

వంశధార_తీరం

అదే నేను అడగాలనుకున్నది. 1990ల మొదట్లో ఆలన్ బ్లైండర్, ఆయన విద్యార్థులు అమెరికాలో 200 సంస్థలను నేరుగా అడిగారు, ధరలు వెంటనే ఎందుకు మార్చరని. దాదాపు సగం సంస్థలు ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువగానో మారుస్తున్నాయని తేలింది. పన్నెండు కారణాలు ముందు పెట్టి ఒప్పుకుంటారా అంటే, ఎక్కువమంది ఒప్పుకున్నవాటిలో మొదటిది ఇదే: పక్కవాడు ముందు పెంచితే నేనూ పెంచుతాను, ముందు నేను కదలను.

ఇప్పుడు మీ వీధి చూడండి. నాలుగు కొట్లూ ఒకే రోజు కదిలితే అందరూ ఒకేసారి 290కి పోయేవారు, ఎవరికీ గిరాకీ తగ్గేది కాదు. ఒకరి తరువాత ఒకరు కదలాల్సి వచ్చినప్పుడు మొదట కదిలేవాడు పక్కవాడి పాత ధరను చూసి సగమే కదులుతాడు. ఖర్చు 23 పెరిగింది. పనివాడికి కూడా ఏదో పెంచాలి. నాన్నగారు 30తో ఆగడానికి కారణం మిగతా ముగ్గురూ అప్పటికి 250 దగ్గరో 240 దగ్గరో ఉండటమే. తరువాతివాడు ఆయన 280ని చూసి 290తో ఆగాడు. ఒక్కొక్కరూ కొంచెం కొంచెం కదలడంతో ఒక్క 2022 ధరల పెరుగుదల వీధి అంతా పాకడానికి ఏడాది దాటింది. నాలుగో ఆవిడ దగ్గరకు ఇంకా చేరనే లేదు. ఆ ఏప్రిల్‌లో దేశంలో చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతం. దాన్ని మీ వీధి 2023లో కట్టింది.

లెక్కల_మాస్టారు

అయితే నలుగురూ కూర్చుని ఒకేసారి పెంచుకుంటే పోలేదా? దారాల కొట్టు దగ్గర ఎలాగూ కలుస్తారు.

పద్మజ_వి

మాస్టారూ, అప్పుడు మేమంతా కూడబలుక్కున్నారని అంటాం. అది ముప్పై రూపాయలకన్నా ఎక్కువ బాధిస్తుంది. అంతేకాదు, ఆ నాలుగో ఆవిడ 240కే కుడతానంటే మిగతా ముగ్గురూ ఏం చేస్తారు?

సుధ_బుటిక్

ఆ నాలుగో ఆవిడకు అద్దె లేదు, పనివాళ్ళు లేరు. ఆవిడ ఖర్చు లైనింగ్, దారమే. నా మొదటి సలహా కూడా ఇప్పుడు ఆలోచిస్తే మీ కొట్టుకు సరిపోదు. నా దగ్గరకు వచ్చేవారు ఏడాదికి రెండుసార్లు వస్తారు, మీ దగ్గరకు నెలకోసారి. ప్రతినెలా వచ్చే మనిషికి నేను చెప్పినట్టు రకరకాల ధరలు చెబితే ఆ గృహప్రవేశం గొడవే మళ్ళీ జరుగుతుంది.

కత్తెర_ఇల్లు

రెండు రోజులు ఇక్కడ రాయలేకపోయాను. నిన్న రాత్రి మీ మాటలన్నీ నాన్నకు చదివి వినిపించాను. పెద్దావిడ చీటీ సంగతి రాసినందుకు కోప్పడతారనుకున్నాను, ఏమీ అనలేదు. పాత బిల్లు పుస్తకాలు తీసి చూపించారు. 2011లో లైనింగ్ జాకెట్టు 120. ఎప్పుడెప్పుడు పెంచారో చూస్తే ప్రతిసారీ జనవరి, లేకపోతే ఆషాఢం. శ్రావణంలో గాని, దసరా ముందు గాని, పెళ్ళిళ్ళ సమయంలో గాని ఒక్కసారి కూడా పెంచలేదు. జనం అవసరంలో ఉన్నప్పుడు పెంచితే అవసరం చూసి పెంచినట్టుంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు పెంచితే ఖర్చు పెరిగి పెంచినట్టుంటుంది అన్నారు. వంశధారగారి ఒప్పందం గురించి ఆయనకు తెలుసు, పేరే తెలియదు.

కాబట్టి శ్రావణం మొదలయ్యాక కాదు, ఇప్పుడే. రేపటి నుంచి 320. ఇప్పటికే చీటీ రాసినవి పాత రేటుకే. వచ్చేవాళ్ళకు లైనింగ్ కొన్న బిల్లు చూపించమని నేనన్నాను, అది అక్కర్లేదు, నోటితో చెబితే చాలన్నారు.

తేలనిది పనివాళ్ళ సంగతి. ఇప్పుడు పీసుకు 120 ఇస్తున్నాం. వాళ్ళు 140 అడిగారు. నాన్న 135 అన్నారు. అందులో పెద్దతను ఏమీ అనకుండా మిషన్‌కు నూనె వేసుకుంటూ కూర్చున్నాడు. పోయినసారి 30 పెరిగినప్పుడు వాళ్ళకు వచ్చింది పదే. ఇప్పుడు 40 పెరుగుతుంటే 15 అంటున్నాం. నాన్న చెప్పే కారణం, గిరాకీ తగ్గితే ఇచ్చిన 140 మళ్ళీ తగ్గించలేనని. తగ్గించలేని అంకె కాబట్టే పెంచడానికి కూడా భయపడుతున్నారు.

మేస్త్రి_రమణ

140 ఇవ్వమనండి. మౌనంగా నూనె వేసుకునేవాడు దసరాకు ముందు పోతాడు. నేనూ అలాగే పోయాను ఒక కాంట్రాక్టరు దగ్గర నుంచి.

వంశధార_తీరం

కుదిరితే ఇలా చేసి చూడండి. 135 కూలిగా, పండగ నెలల్లో పీసుకు ఇంకో 10 పండగ పైకంగా. పైకం ఆగితే కూలి తగ్గినట్టు అనిపించదు. ఆ పెద్దతను ఒప్పుకుంటాడో లేదో మాత్రం ఆయన్నే అడగాలి.

మేస్త్రి_రమణ

పండగ పైకం రెండేళ్ళు ఇస్తే మూడో ఏడు అదీ కూలే అవుతుందండీ. ఆపి చూడండి, తెలుస్తుంది.

పద్మజ_వి

కత్తెర_ఇల్లు గారూ, ఒక్క మాట. ఆ పెద్దావిడ వస్తే చీటీ మీద ఎంత రాస్తారు?

కత్తెర_ఇల్లు

ఆవిడ ఈ ఉదయమే వచ్చారు. రెండు జాకెట్లు. నాన్న 320 రాసి, చీటీ చేతికివ్వకముందే "అమ్మా, ఈ నెల నుంచి మూడొందల ఇరవై అయింది" అన్నారు. ఆవిడ "మూల మీద కూడా అంతేనా?" అని అడిగారు. ఇంకా తెలియదన్నారు నాన్న. ఆవిడ గుడ్డలు కౌంటర్ మీదే వదిలి, కనుక్కుని వస్తానని వెళ్ళారు. మధ్యాహ్నం మూడైంది, ఇంకా రాలేదు. గుడ్డలు మాత్రం మా దగ్గరే ఉన్నాయి.